గోడ మీద పట్టే అక్షరాలెన్ని? విత్తనాలు, పురుగు మందుల దుకాణపు గోడ ప్రకటన వెనుక ఉన్న లెక్క

సంక్షిప్తంగా: పల్లెల్లో విత్తనాలు, పురుగు మందుల దుకాణాల గోడ ప్రకటనల్లో మాటలు తక్కువగా, అక్షరాలు లావుగా కనిపించడానికి రాసేవారి అలవాటు ఒక్కటే కారణం కాదు. చదివేవారికి దొరికే సమయం, తెలుగు లిపికి నిలువునా కావలసిన జాగా, గోడ అడుగున చేరే చెమ్మ, చట్టం ఏ వివరాన్ని ఎక్కడ ఉంచమన్నదనే నియమం, ఈ నాలుగూ కలిసి ఆ రూపాన్ని తయారుచేస్తాయి. పన్నెండు అడుగుల గోడను ఉదాహరణగా తీసుకుని ఆ లెక్కను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చదవడానికి దొరికే సమయం

ఖరీఫ్‌కు ముందు, అంటే మే నెల నుంచి, ఊరి పొలిమేర గోడల మీద కొత్త రాతలు మొదలవుతాయి. వాటిలో రెండు రకాలున్నాయి. మొదటిది కంపెనీ రాయించేది. అందులో విత్తనం లేదా మందు పేరు పెద్దగానూ, స్థానిక డీలరు పేరు అడుగున చిన్నగానూ ఉంటాయి. రెండోది దుకాణదారు సొంతంగా రాయించుకునేది. ఇక్కడ పరిశీలిస్తున్నది ఈ రెండో రకాన్నే. దీని పని మందు గొప్పతనాన్ని వర్ణించడం కాదు; ఫలానా సరుకు ఫలానా చోట దొరుకుతుందని దారిన పోయేవారికి తెలియజేయడమే. అయితే ఆ కాస్త సమాచారం చేరడానికి కూడా ఎంత సమయం దొరుకుతుందన్నది గోడ దారికి ఏ దిశలో ఉందన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

దారి మలుపులోనో, మూడు దారుల కూడలిలోనో ప్రయాణికుడికి ఎదురుగా నిలిచే గోడను ముందు చూద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే మోటారు సైకిల్ సెకనుకు సుమారు 11 మీటర్లు కదులుతుంది. గోడ 40 మీటర్ల దూరం నుంచి కనిపిస్తే చదవడానికి మూడున్నర సెకన్లకు పైగా దొరుకుతుంది. ఆ వ్యవధిలో నాలుగైదు మాటలు చదవవచ్చు.

దారికి సమాంతరంగా, పక్కన ఉండే గోడ సంగతి వేరు. బండి నడిపే వ్యక్తికి ఆ గోడ ఐదు మీటర్ల పక్కన ఉందనుకుంటే, 40 మీటర్ల దూరంలో అతని చూపు గోడను దాదాపు ఏడు డిగ్రీల కోణంలో తాకుతుంది. అంత వాలుగా చూసినప్పుడు పన్నెండు అడుగుల రాత అడుగున్నర వెడల్పులోకి ముడుచుకుపోయినట్టు కనిపిస్తుంది. అక్షరాల ఎత్తు తగ్గదు కానీ అడ్డంగా అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రాత కనీసం సగం వెడల్పుతో కనిపించాలంటే కోణం 30 డిగ్రీలకు చేరాలి. అప్పటికి గోడ తొమ్మిది మీటర్లలోపు దూరానికి వచ్చేసి ఉంటుంది. అక్కడి నుంచి దాన్ని దాటిపోవడానికి ఒక సెకను కూడా పట్టదు.

అందువల్ల ఒకే రాతను రెండు రకాల గోడల మీదా ఒకే కొలతలో వేయించడం డబ్బు వృథా చేయడమే. పక్క గోడ మీద రెండు మాటలకు మించకుండా, అక్షరాలను అడ్డంగా సాగదీసి, మధ్య ఎడం పెంచి రాయాలి. అక్కడ స్పీడ్ బ్రేకర్ ఉంటే పరిస్థితి మారుతుంది. వేగం గంటకు పది కిలోమీటర్లకు తగ్గితే అదే తొమ్మిది మీటర్లకు మూడు సెకన్లు దొరుకుతాయి. స్పీడ్ బ్రేకర్ల పక్క గోడలకు గిరాకీ ఎక్కువ కావడంలో ఆశ్చర్యం లేదు.

తెలుగు అక్షరానికి కావలసిన జాగా

బోర్డులు రాసేవారిలో ఒక వాడుక సూత్రం ఉంది: సులువుగా చదవగలగాలంటే ప్రతి పది అడుగుల దూరానికి అక్షరం ఒక అంగుళం ఎత్తు ఉండాలి. ఆ ప్రకారం వంద అడుగుల దూరానికి, అంటే దాదాపు 30 మీటర్లకు, పది అంగుళాల అక్షరం కావాలి. ఈ సూత్రం ఇంగ్లీషు పెద్ద అక్షరాలను దృష్టిలో పెట్టుకుని పుట్టింది. వాటికి పైనా కిందా ఏమీ ఉండవు. పది అంగుళాల వరుసలో పది అంగుళాల అక్షరం సరిపోతుంది.

తెలుగులో అలా కుదరదు. అక్షరపు ఒళ్లు పది అంగుళాలు ఉంటే, పైన తలకట్టుకో గుడికో మరో మూడు అంగుళాలు, కింద ఒత్తుకు ఇంకో ఐదు అంగుళాలు కావాలి. పది అంగుళాల అక్షరానికి పద్దెనిమిది అంగుళాల వరుస అవసరమవుతుంది. ఒత్తు కోసం కేటాయించిన ఆ ఐదు అంగుళాలు వరుసలో ఒక్క చోటే వాడుకలోకి వచ్చినా, మిగతా చోట్లన్నీ ఖాళీగా వదిలేయక తప్పదు.

మాటల ఎంపిక ముఖ్యమయ్యేది ఈ కారణంగానే. ‘ఎరువులు’ అన్న మాటలో ఒక్క ఒత్తు కూడా లేదు. ‘పురుగు మందులు’ అన్న రెండు మాటల్లోనూ లేదు. కొమ్ములు పక్కకు సాగుతాయి కనుక కిందికి జాగా దాదాపు అక్కర్లేదు. ‘విత్తనాలు’లో ఒక్క తకారపు ఒత్తు ఉంది. వీటికి బదులు ‘సీడ్స్, ఫెర్టిలైజర్స్, పెస్టిసైడ్స్’ అని రాయిస్తే ‘డ్స్’, ‘ర్టి’, ‘ర్స్’, ‘స్టి’ వంటి జంట అక్షరాలు ప్రతి మాటలోనూ తగులుతాయి. ప్రతి వరుసకూ పద్దెనిమిది అంగుళాలు కేటాయించాల్సి వస్తుంది. ఇంగ్లీషు మాటలు దుకాణానికి హోదా తెస్తాయన్న నమ్మకం ఎలా ఉన్నా, గోడ లెక్కలో మాత్రం తెలుగు మాటలదే పైచేయి. ‘ఫెర్టిలైజర్స్’తో మరో చిక్కు కూడా ఉంది. ‘ఫ’కూ ‘ప’కూ ఉన్న తేడా అడుగున ఉండే చిన్న గీత మాత్రమే. రాసేవారు దాన్ని మరచిపోతే, లేదా ఒక వానకు అది చెరిగిపోతే, దుకాణం ‘పెర్టిలైజర్స్’గా మిగిలిపోతుంది.

లావు ఎంతవరకు?

లావుపాటి అక్షరాలు దూరానికి బాగా కనిపిస్తాయన్నది నిజమే కానీ దానికీ ఒక హద్దుంది. గీత మందం అక్షరం ఎత్తులో ఐదో వంతు దగ్గర ఉన్నప్పుడు, అంటే పది అంగుళాల అక్షరానికి రెండు అంగుళాలు ఉన్నప్పుడు, రంగు నిండుగా కనిపిస్తూనే లోపలి ఖాళీలు తెరుచుకుని ఉంటాయి. మూడు అంగుళాలకు పెంచితే తెలుగులో ఆ ఖాళీలు పూడుకుపోతాయి.

తెలుగు అక్షరాలను ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుచేసేది చాలాసార్లు ఆ ఖాళీలూ చిన్న తోకలే. ‘ప’ పైభాగం తెరిచి ఉంటుంది. తలకట్టు దానికి అంటీ అంటనట్టు నిలుస్తుంది. గీత లావెక్కి ఆ సందు మూసుకుపోతే దూరం నుంచి ‘ప’, ‘వ’ ఒకేలా కనిపిస్తాయి. ‘మ’ కుడివైపున ఉన్న తోకను సన్నగా వదిలేసి మిగతా అక్షరాన్ని లావుగా నింపితే ‘మందులు’ కాస్తా ‘వందులు’గా చదువుకునే ప్రమాదం ఉంది. అలవాటైన మాట కనుక ఊరివారు సర్దుకుని చదువుతారు. దుకాణం పేరు విషయంలో ఆ వెసులుబాటు ఉండదు. కొత్త పేరును సరిగ్గా చదివితేనే గుర్తుంటుంది.

ఒత్తులకు ఇంకాస్త జాగ్రత్త అవసరం. ఐదు అంగుళాల ఒత్తును రెండు అంగుళాల గీతతో నింపితే అది ఒత్తులా కాక రంగు ముద్దలా తేలుతుంది. అనుభవం ఉన్న పెయింటర్లు ఒత్తు దగ్గరకు రాగానే బ్రష్ మార్చి, గీతను అంగుళానికి తగ్గిస్తారు. అక్షరం వెనుక నీడ వేయించుకునే ఆచారం కూడా ఈ లెక్కకు లోబడిందే. నీడ ఒక్క పక్కకే ఉండి, అక్షరాల మధ్య ఎడంలో సగానికి మించకపోతే రాత గోడ నుంచి లేచినట్టు కనిపిస్తుంది. చుట్టూ గీత గీసి, దానికి నీడ కూడా తోడైతే మిగిలిన కాస్త ఖాళీ కూడా పోతుంది. రాత సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడం కష్టం కాదు. సుద్దతో గీసిన దశలోనే వంద అడుగులు వెనక్కి నడిచి, కళ్లు సగం మూసి చూస్తే, ఏ అక్షరాలు ముద్దలవుతున్నాయో తెలిసిపోతుంది. రంగు నింపాక తెలిస్తే సున్నం కొట్టి మళ్లీ రాయడం తప్ప మార్గం ఉండదు.

పన్నెండు అడుగుల గోడ: ఒక ఉదాహరణ

దారికి ఎదురుగా ఉన్న గోడ పన్నెండు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తు ఉందనుకుందాం. ఎత్తు అంగుళాల్లో 72. అడుగున ఉన్న 18 అంగుళాల్లో ఏమీ రాయకూడదు. కారణం తర్వాతి భాగంలో వస్తుంది. మిగిలిన 54 అంగుళాల్లో పైనా కిందా నాలుగేసి అంగుళాలు వదిలితే రాతకు 46 అంగుళాలు దక్కుతాయి. అడ్డంగా రెండు వైపులా ఎనిమిదేసి అంగుళాలు వదిలితే 128 అంగుళాలుంటాయి.

మొదటి వరుస ‘విత్తనాలు ఎరువులు’. ఒత్తు ఉంది కనుక ఎత్తు 18 అంగుళాలు. ఎనిమిది అక్షరాలకు సగటున పన్నెండు అంగుళాల చొప్పున లెక్కవేసి, ‘నా’, ‘లు’ వంటి వెడల్పు అక్షరాలకూ మాటల మధ్య ఎడానికీ మరికొంత కలిపితే 120 అంగుళాల దగ్గర తేలుతుంది. రెండో వరుస ‘పురుగు మందులు’. ఒత్తుల్లేవు కనుక 13 అంగుళాలు చాలు. వెడల్పు వంద అంగుళాల లోపే వస్తుంది కనుక మిగిలిన చోట పత్తి కాయ బొమ్మో, మిరప కాయ బొమ్మో వేయవచ్చు. ఆ ప్రాంతంలో ఎక్కువగా పండే పంట బొమ్మ చదువు రానివారికి మాట చేసే పనే చేస్తుంది.

ఇక మిగిలింది 15 అంగుళాలు. మూడో వరుసలో దుకాణం పేరు, దాని ఆనవాలు రావాలి. ‘లక్ష్మీ ట్రేడర్స్, బస్టాండ్ ఎదురుగా’ అని ఊహించుకుంటే, ‘క్ష్మీ’లో ఒకదాని కింద ఒకటిగా రెండు ఒత్తులున్నాయి, పైన గుడి దీర్ఘం ఉంది. అందుకని అక్షరపు ఒళ్లును ఆరు అంగుళాలకు కుదించాలి. పైన మూడు, కింద నాలుగు కలిపి 13 అంగుళాల్లో వరుస ఇముడుతుంది. పన్నెండు అక్షరాలు కలిసి నూరు అంగుళాలకు కాస్త పైగా వెడల్పు తీసుకుంటాయి. ఆరు అంగుళాల అక్షరం అరవై అడుగుల నుంచే బాగా కనిపిస్తుంది. ఇది లోపం కాదు. సరుకేమిటో వంద అడుగుల నుంచి తెలిసినవారికి, పేరూ చోటూ దగ్గరకు వచ్చాక తెలిస్తే సరిపోతుంది.

ఈ లెక్కలో ఫోన్ నంబరుకు వరుస మిగల్లేదు. దుకాణదారులు సాధారణంగా పట్టుబట్టేది దానికోసమే. కానీ పది అంకెలను మూడు సెకన్లలో చదివి, గుర్తుపెట్టుకుని, బండి ఆపాక ఫోన్‌లో కొట్టగలవారు అరుదు. నంబరు పనికివచ్చేది జనం నిలబడే చోట: బస్సు షెల్టరు గోడ మీద, టీ కొట్టు పక్కన, పాల కేంద్రం దగ్గర. పరుగెత్తే దారి మీద నంబరు కోసం మిగతా మూడు వరుసలనూ కుదిస్తే, నంబరూ అందదు, మాటలూ అందవు.

గోడ అడుగు భాగం, రంగుల మన్నిక

పల్లె గోడల్లో మొదట పాడయ్యేది అడుగు భాగం. పునాది నుంచి చెమ్మ ఎగబాకి, దానితో పాటు లవణాలు పైకి వచ్చి, ఆరాక తెల్లగా చవుడు తేలుతుంది. చూరు నుంచి పడే వాన నీరు నేలను తాకి బురదను అడుగున్నర ఎత్తు వరకు చిమ్ముతుంది. ఇవి చాలవన్నట్టు పశువులు గోడకు ఒరుసుకుంటాయి. కట్టెలు, గడ్డి అక్కడే చేరవేస్తారు. ఫోన్ నంబరును అలవాటుగా ఆఖరి వరుసలో రాయడం వల్ల మొదటి వానాకాలంలోనే చెరిగేది అదే. పేరంతా స్పష్టంగా ఉండి నంబరులో చివరి అంకెలు మాత్రం కనిపించని గోడలు అందుకే అన్ని కనిపిస్తాయి. ఆ పద్దెనిమిది అంగుళాలను ముదురు రంగు పట్టీగా వదిలేస్తే చిందిన బురద కూడా అంతగా కనిపించదు.

రంగు విషయంలో ప్రధానమైన తప్పు సున్నం మీద జరుగుతుంది. కొత్తగా సున్నం కొట్టిన గోడ, కొత్తగా సిమెంటు పూత వేసిన గోడ తీవ్రమైన క్షార గుణం కలిగి ఉంటాయి. వాటి మీద నూనె ఆధారిత ఎనామిల్ వేస్తే, క్షారం నూనెను సబ్బులా మార్చేస్తుంది. రాత మెరుస్తూ మొదలై కొన్ని వారాల్లో జిగటగా మారి పెచ్చులూడుతుంది. పాత సున్నపు పొరలు గీకకుండా రాసినా ఇదే కథ. అక్షరం సున్నంతో సహా ఊడివస్తుంది. అరచేతితో గోడను రుద్దినప్పుడు తెల్లటి పొడి అంటుకుంటే గోడ ఇంకా సిద్ధంగా లేదని అర్థం. గీకి, తడి గుడ్డతో తుడిచి, ఆరాక డిస్టెంపర్‌తో రాయడం చౌక, నమ్మకమైన పద్ధతి. అది ఎనామిల్‌లా మెరవదు కానీ గోడలోని చెమ్మను కొంతవరకు బయటికి పోనిస్తుంది.

ఎరుపు చూపును త్వరగా పట్టుకుంటుంది. పురుగు మందులకు ఆ రంగే ఎంచుకోవడం అందుకే పరిపాటి. కానీ చౌక రకం ఎరుపు ఎండకు అన్నిటికంటే ముందు వెలిసిపోతుంది. పడమటి ఎండ నేరుగా పడే గోడ మీద తెల్లటి నేలపై ముదురు నీలమో, పసుపు నేలపై నలుపో ఎక్కువ కాలం చదవడానికి వీలుగా ఉంటాయి. ఆకుపచ్చ నేల మీద ఎర్ర అక్షరాలు దగ్గర నుంచి బాగున్నట్టే అనిపించినా, రెండు రంగుల ముదురుతనం ఒకేలా ఉండటం వల్ల దూరం నుంచి కలిసిపోతాయి. ఈ రెండు రంగులనూ వేరుగా చూడలేని వర్ణాంధత్వం ఉన్నవారికి అక్కడ రాత ఉన్నట్టే తెలియకపోవచ్చు.

చట్టం ఏ మాటను ఎక్కడ ఉంచమంటుంది

గోడ మీద మాటలు తక్కువైతే రైతుకు సమాచారం తక్కువ అందుతుందన్న విమర్శ ఒకటుంది. మన దేశంలోని నియమాలను చూస్తే ఆ సమాచారానికి వేరే చోట్లు నిర్దేశించి ఉన్నాయి. 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం లైసెన్సు పొందిన విత్తన డీలరు ఏ రోజు ఎంత నిల్వ ఉందో, ధరలెంతో దుకాణంలోనే ప్రదర్శించాలి. మొలక శాతం, శుద్ధత వంటివి 1966 నాటి విత్తన చట్టం కింద సంచి మీది లేబుల్‌కు సంబంధించినవి. పురుగు మందు ఏ పంటకు, ఏ పురుగుకు, ఎంత మోతాదులో వాడాలన్నది, విష లక్షణాలు కనిపిస్తే ఏం చేయాలన్నది 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం, 1971 నాటి నియమావళి కింద లేబుల్ మీదా, డబ్బాతో ఇచ్చే కరపత్రంలోనూ ఉండాలి. విష తీవ్రతను తెలిపే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు కూడా లేబుల్ మీదివే.

ఈ వివరాలను గోడకెక్కించాలని చూస్తే సగమే పడతాయి. మోతాదు రాసి పంట పేరు వదిలేయడం, పురుగు పేరు రాసి జాగ్రత్తలు వదిలేయడం జరుగుతుంది. సగం సమాచారం లేనిదానికంటే ప్రమాదకరమైన సందర్భం ఇది. ‘హానికరం కాదు’, ‘సురక్షితం’ వంటి మాటలను, ‘సూచనల ప్రకారం వాడితే’ అన్న షరతు చేర్చినా సరే, లేబుల్ మీద వాడకూడదని నియమావళి చెబుతోంది. లేబుల్ మీదే కుదరని మాట గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉంటే, అది దుకాణదారుకు మేలు చేయదు.

ప్రత్యేకంగా ఒక మందు పేరును రాయించుకోవడంలో ఇంకో చిక్కుంది. గోడ రాత ఆ మందు అనుమతి కంటే ఎక్కువ కాలం బతకవచ్చు. ఎండోసల్ఫాన్ తయారీ, అమ్మకం, వాడకంపై సుప్రీంకోర్టు 2011 మే నెలలో నిషేధం విధించింది. అలాంటి నిర్ణయం వెలువడిన మరుక్షణం దుకాణంలోని డబ్బాలు అమ్మకం నుంచి తొలగించాల్సినవే అవుతాయి. కానీ నాలుగు ఊళ్ల గోడల మీది పేర్లను చెరిపే బాధ్యత ఎవరిదన్నది ఎవరికీ గుర్తుండదు. విత్తనాల పేర్లకు కూడా ఆయుష్షు తక్కువే. నిరుడు గిరాకీ ఉన్న రకం ఈ ఏడు నిల్వ లేకపోవచ్చు. గోడ చూసి వచ్చిన రైతుకు ‘అది లేదు, ఇది తీసుకోండి’ అని చెప్పాల్సిరావడం ప్రకటన చేసిన పనిని తిరగగొట్టడమే. ‘విత్తనాలు, ఎరువులు, పురుగు మందులు’ అన్న మాటలకు ఈ బెడద లేదు.

ఫ్లెక్సీతో పోల్చితే

ఫ్లెక్సీ ఒక్క రోజులో సిద్ధమవుతుంది, ఫొటోలు వేయవచ్చు, ఎన్ని మాటలైనా పడతాయి. ఆ చివరి సౌకర్యమే దాని బలహీనత కూడా. కంప్యూటర్ తెర మీద అన్నీ చక్కగా కనిపించడంతో యజమాని ఫొటో, దేవుడి ఫొటో, పది కంపెనీల గుర్తులు, రెండు నంబర్లు చేరి, అక్షరం రెండు అంగుళాలకు దిగిపోతుంది. గోడ మీద బ్రష్‌తో రాసేటప్పుడు ప్రతి అక్షరానికీ శ్రమ, రంగు ఖర్చవుతాయి కనుక అనవసరమైన మాట దానంతటదే తప్పుకుంటుంది. పైగా ఊరి బయట గాలికి ఫ్లెక్సీ అంచులు చిరుగుతాయి, ఎండకు పెళుసెక్కుతుంది. దుకాణం ముందు, జనం నిలబడి చూసే చోట దానికి ఉపయోగముంది. పొలిమేరలో మాత్రం గోడకు అది పోటీ కాలేకపోతోంది.

గోడకున్న అసలు పరిమితి యజమాని. చాలాచోట్ల ఒప్పందం నోటి మాటే; గోడ మొత్తానికి ఉచితంగా సున్నం కొట్టిస్తే చాలని ఇంటివారు ఒప్పుకుంటారు. మరుసటి ఏడాది మరో దుకాణం ముందుగా వస్తే ఆ గోడ వారిదవుతుంది. అప్పుడు పాత రాత మీద ఒక్క పూత సున్నం కొట్టి కొత్తది రాసేస్తే, మొదటి వానకు సున్నం తడిసి పల్చగా కనిపించి, పాత దుకాణం పేరు కొత్త అక్షరాల మధ్య నుంచి తొంగిచూస్తుంది. పాత ముదురు అక్షరాలను గీకి, ఆ మేర రెండు పూతలు విడిగా వేసి, ఆరాకే గోడంతటికీ నేల రంగు వేయాలి. మే నెలలోనైతే ఈ పని ఎండెక్కకముందే ముగించడం మంచిది. వేడెక్కిన గోడ మీద డిస్టెంపర్ బ్రష్ కిందే ఆరిపోయి, పట్టు లేకుండా పొడిలా రాలుతుంది.